మేడారం లైవ్ లెక్కలు: గ్రాఫ్ ఏం చెప్పింది, 2026 జాతరకు ఏం మార్చాలె



2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన మేడారం జాతరలో, గురువారం సాయంత్రం సమ్మక్క తల్లి చిలకలగుట్ట నుంచి గద్దెకు వచ్చే ఘట్టాన్ని మన చానల్‌లో లైవ్ పెట్టినం. చాలామంది చూసిన్రు. తర్వాత కూడా "ఎంతమంది చూసిన్రు, మళ్లీ పెడ్తరా" అని అడుగుతనే ఉన్నరు. వచ్చే జాతర 2026 జనవరి 28 నుంచి 31 వరకు. అంటే తల్లి వచ్చే గురువారం జనవరి 29. రెండేళ్లకు ఒక్కసారి వచ్చే ఘడియ కాబట్టి "ఈసారి కాకపోతే వచ్చే వారం సరిచేసుకుందాం" అనే వీలు మనకు లేదు. అందుకే పాత లైవ్ లెక్కలన్నీ తీసి, కూర్చుని చదివి, ఏం మార్చాలో ఇక్కడ రాస్తున్నం. పోస్టు పెద్దదే. లైవ్ పనిలో చేరుదామనుకునేటోళ్లు మాత్రం పూర్తిగా చదవండి.

ముందు మా ఏర్పాటు. మేడారంలో ముగ్గురం, హన్మకొండ హాస్టల్‌లో ఇద్దరం. మేడారంలో ఉన్నోళ్లు ఒక చుట్టాల ఇంటి డాబా మీద స్టాండుకు ఫోను కట్టి, దారికి దూరంగా నిలబడ్డరు. హన్మకొండలో ఉన్న చెల్లెళ్లిద్దరు లాప్‌టాప్‌లో చానల్ కంట్రోల్ రూమ్ తెరిచి, చాట్ చూసుకుంటూ, ప్రశ్నలు ఏరి ఫోన్‌లో మేడారానికి చెప్పిన్రు. మాటలు సగం కోయలో, సగం తెలుగులో. చిలకలగుట్ట మీద వడ్డెలు చేసే పూజ బయటోళ్లు చూసేది కాదు, కెమెరా అక్కడికి పోయేది అంతకన్నా కాదు. ఈ మాట ముందే అనుకున్నం, ఇప్పటికీ అదే మాట. దీని గురించి చివర్ల మళ్లీ చెప్తం.

మొదటి లెక్క: ఒకేసారి ఎంతమంది

లైవ్ మొత్తం 4 గంటలు నడిచింది. అందరూ అడిగే నంబరు "పీక్", అంటే ఏదో ఒక నిమిషంలో ఎక్కువలో ఎక్కువ ఎంతమంది ఉన్నరనేది. మనకు అది 212. వినడానికి బాగుంటది, కానీ ఆ నంబరు ఒక్క నిమిషం సంగతి మాత్రమే చెప్తది. మిగతా 239 నిమిషాలు ఎట్లా గడిచినయో దాంట్లో ఉండదు. దానికి సగటు కన్‌కరెంట్ చూడాలె. అది 62.

ఈ సగటుతో ఒక చిన్న లెక్క చేసుకోవచ్చు. లైవ్ లెక్కలు చదివేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది మాకు ఇదే:

```
సగటు కన్‌కరెంట్ × లైవ్ నిమిషాలు = మొత్తం చూసిన నిమిషాలు
62 × 240 = 14,880 నిమిషాలు (248 గంటలు)

14,880 ÷ 2,480 వ్యూస్ = ఒక్కో వ్యూకు 6 నిమిషాలు
```

నాలుగు గంటల లైవ్‌లో మనిషికి ఆరు నిమిషాలేనా అని మొదట్ల మేం కూడా చిన్నబోయినం. కానీ వ్యూ వేరు, మనిషి వేరు. నెట్ తెగి మళ్లీ తెరిస్తే అది ఇంకో వ్యూ కింద పడొచ్చు. ఏజెన్సీ ఊళ్లల్ల సిగ్నల్ ఎట్లా ఉంటదో మనకు కొత్తగా చెప్పాల్నా? ఇంటి వెనుక ఒక గీత, చింతచెట్టు కింద రెండు గీతలు. ఆ రోజుకు విడివిడిగా చూసినోళ్ల సంఖ్య చూస్తే సుమారు 1,100 ఉంది. అంటే ఒక్కొక్కరు సగటున రెండుసార్ల కన్నా ఎక్కువ తెరిచిన్రు. 14,880 నిమిషాలను 1,100తో భాగిస్తే మనిషికి 13 నిమిషాల పైనే. ఆరు నిమిషాలకు విసుగొచ్చి పోయిన్రు అనేది ఒక కథ. సిగ్నల్ పోయినా వదలకుండా మళ్లీ వచ్చిన్రు అనేది ఇంకో కథ. రెండిటికీ పైన కనిపించే నంబరు ఒక్కటే.

ఇంకో మాట. ఈ లెక్కలో వచ్చేవి ఫోన్లు, మనుషులు కాదు. హాస్టల్ గదిలో ఒక్క ఫోను గోడకు ఆనిచ్చి ఎనిమిదిమంది చూసినా అది ఒకటే. ఊళ్లో ఒకరి ఫోన్ చుట్టూ ఇల్లంతా కూర్చున్నా ఒకటే. కాబట్టి "212 మంది" అనేది మన దగ్గర కనీసపు లెక్క. అట్లాగని దాన్ని పదితో గుణించుకుని గొప్పలు చెప్పుకోవద్దు. ఎంతతో గుణించాల్నో తెలిసే మార్గం లేదు.

గ్రాఫ్ గీత ఎట్లా పడింది

నంబర్ల కన్నా గీత ఎక్కువ మాట్లాడ్తది. మన గీత కథ ఇది. మొదటి అరగంటలో 70 దాకా ఎక్కింది. తర్వాత మెల్లగా, మెల్లగా దిగుతూ రెండో గంట దాటేసరికి 40కి వచ్చింది. తల్లి ఎప్పుడు కదులుతదో ముందే గడియారం చూసి చెప్పలేం. పూజలు అయినంకనే. అందుకే మనం ముందు నుంచే లైవ్ తెరిచి ఉంచాల్సి వచ్చింది, చూసేటోళ్లు వచ్చి, ఎదురుచూసి, పోయి, మళ్లీ వచ్చిన్రు. 2 గంటల 52 నిమిషాల దగ్గర గాల్లోకి పోలీసుల కాల్పుల చప్పుడు, డోలు, కొమ్ము వినబడ్డయి. అక్కడ గీత 48 నుంచి ఆరు నిమిషాలల్ల 212కి పోయింది. చూస్తున్నోళ్లు వాట్సాప్ గ్రూపుల్లో "వస్తున్నది, చూడుండ్రి" అని లింకు పంచిన్రు. ఆ సమయంలో వచ్చినోళ్లల్ల ఎక్కువమంది బయటి లింకుల నుంచే వచ్చినట్టు ట్రాఫిక్ పేజీలో ఉంది.

3 గంటల 1 నిమిషం దగ్గర గీత నిట్టనిలువుగా పడిపోయింది. ఒక్క నిమిషంలో రెండొందల నుంచి 90కి. నాలుగు నిమిషాల తర్వాత మళ్లీ లేచింది, కానీ 140 దాకానే. ఆ తర్వాత వాలుతూ చివరికి 30 దగ్గర ముగిసింది.

ఇక్కడ నేర్చుకోవాల్సింది పడిపోవడంలో ఉన్న తేడా. జనం విసుగొచ్చి పోతే గీత వాలు మీద దిగుతది. ఒకరు ఇప్పుడు, ఒకరు రెండు నిమిషాలకు. అందరికీ ఒకే నిమిషంలో విసుగు రాదు. నిట్టనిలువుగా పడిందంటే అది పంపే వైపు, అంటే మన ఫోన్ వైపు తెగినట్టు. దీన్ని ఖాయం చేసుకోవడానికి రెండు సాక్ష్యాలు చూడాలె. ఒకటి, కంట్రోల్ రూమ్‌లో స్ట్రీమ్ హెల్త్ దగ్గర వీడియో సరిగ్గా అందడం లేదన్న హెచ్చరిక అదే సమయానికి ఉందా. రెండు, చాట్‌లో "ఆగింది", "తిరుగుతనే ఉంది" అన్న మెసేజులు గుంపుగా పడ్డయా. మనకు రెండూ ఉన్నయి. ఒకవేళ చాట్‌లో ఒకరిద్దరే "ఆగింది" అంటూ, గీత కదలకుండా ఉంటే, అది ఆ ఒకరిద్దరి ఫోన్ల సంగతి. అప్పుడు మనం లైవ్ ఆపి మళ్లీ మొదలుపెట్టకూడదు.

ఎందుకు తెగింది? లక్షల మంది ఒక్క చోట ఉన్నరు, అదే నిమిషంలో అందరూ ఫోన్లు పైకెత్తి వీడియోలు పంపుతున్నరు. జాతరకు తాత్కాలిక టవర్లు పెడ్తరు, అయినా అప్‌లోడ్ దారి ఇరుకే. మనం 480పీ నాణ్యతతో, సుమారు 1,000 కేబీపీఎస్ దగ్గర పంపుతున్నం. మధ్యాహ్నం అది సాఫీగా పోయింది. రాత్రి ఆ ఘడియలో పోలేదు. అంటే జనం ఎక్కువ చూడాలనుకునే నిమిషం, నెట్ బలహీనంగా ఉండే నిమిషం, రెండూ ఒకటే. ఇది మేడారానికే కాదు, ఏ జాతరకైనా అంతే. వారం ముందు పోయి స్పీడ్ టెస్ట్ చేసి "బాగుంది" అనుకుంటే దానికి విలువ లేదు, ఎందుకంటే అప్పుడు జనం లేరు.

రెండో లెక్క: చాట్ వేగం

చాట్ రేటు అంటే నిమిషానికి ఎన్ని మెసేజులు. మన లైవ్‌లో ఎదురుచూసే సమయంలో నిమిషానికి మూడు నాలుగు, తల్లి వచ్చేటప్పుడు 40, నెట్ తెగిన నాలుగు నిమిషాల్లో 25. పైకి చూస్తే ఎదురుచూసే రెండున్నర గంటలు వట్టిగ పోయినట్టు, చివరి ఘట్టమే అసలైనట్టు కనబడ్తది.

ముందు ఒక సర్దుబాటు చేయాలె. చూసేటోళ్లు ఎక్కువైతే మెసేజులు కూడా ఎక్కువైతయి. కాబట్టి వంద మందికి ఎన్ని అని చూసుకోవాలె. ఎదురుచూసేటప్పుడు 46 మందికి 3 అంటే వందకు ఆరేడు. తల్లి వచ్చేటప్పుడు 200 మందికి 40 అంటే వందకు 20. తేడా ఇంకా ఉంది, కానీ పదమూడింతలు కాదు, మూడింతలు. రెండో సర్దుబాటు సమయానిది. మనం మామూలు లేటెన్సీ మీద పెట్టినం, కాబట్టి మేడారంలో జరిగింది చూసేటోళ్లకు అర నిమిషం దాకా ఆలస్యంగా చేరుతది, వాళ్లు టైపు చేయడానికి ఇంకొంత. కాబట్టి చాట్‌లో ఎగసిన అల ఏ ఘట్టానిదో చూడాలంటే ఒక నిమిషం వెనక్కి పోయి చూడాలె.

ఇంతవరకు యంత్రం చెప్తది. కానీ మెసేజుల్లో ఏముందో అది చెప్పదు. అందుకే చెల్లెళ్లిద్దరు చాట్ రీప్లే పెట్టుకుని, నోట్‌బుక్‌లో గీతలు గీసి, మొత్తం 1,530 మెసేజులను కుప్పలు చేసిన్రు. జైకారాలు 640. "ఫలానా ఊరు నుంచి చూస్తున్నం" అన్న హాజరు మెసేజులు 390. నెట్ గురించి 180. ప్రశ్నలు 210. మిగతావి 110.

జైకారాలు మనసు నింపుతయి, వాటిని తక్కువ చేయం. కానీ వచ్చేసారి ఏం చేయాలో చెప్పేది ప్రశ్నల కుప్ప. ఆ 210 ప్రశ్నల్లో 120 వచ్చింది ఎప్పుడో తెలుసా? చాట్ అన్నిటికన్నా మెల్లగా నడిచిన ఎదురుచూపు సమయంలో. పగిడిద్దరాజు ఏ ఊరి నుంచి వస్తడు, గోవిందరాజు ఏ ఊరి నుంచి, సారలమ్మ ముందురోజే ఎందుకు వస్తది, కుంకుమ భరిణె అంటే ఏంది, బెల్లాన్ని బంగారం అని ఎందుకంటరు, జంపన్న వాగు పేరు ముందు ఏముండె. అడిగినోళ్లల్ల మన పిల్లలే ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో పెరిగి, ఇంట్లో పెద్దల పక్కన కూర్చుని వినే రోజులు తక్కువైనోళ్లు. వాళ్లు తెలియని విషయం బయట అడగడానికి మొహమాట పడ్తరు, చాట్‌లో అడిగిన్రు.

ఆ 120లో లైవ్‌లో జవాబు అందినవి 45. మిగతావి దాటిపోయినయి, ఎందుకంటే ప్రశ్న హన్మకొండలో కనబడి, ఫోన్‌లో మేడారం చేరి, అక్కడ మాట్లాడే అన్న చెవిన పడేసరికి మాట వేరే దిక్కు పోయి ఉండేది. ఇంకో సంగతి, ప్రశ్నకు జవాబు వచ్చిన చోట్ల గీత చూసినం. జవాబు చెప్పిన రెండు మూడు నిమిషాల్లో దిగుడు ఆగింది, కొన్నిచోట్ల నాలుగైదుగురు పెరిగిన్రు. ఇవి చిన్న సంఖ్యలు, వీటి మీద పెద్ద తీర్పు చెప్పలేం. కానీ ఊరికే దారి చూపిస్తూ "ఇంకా రాలేదు, వస్తది" అన్నప్పుడు మాత్రం గీత ప్రతిసారీ దిగింది.

అందుకే మా ఉద్దేశం ఏందంటే, చాట్ వేగం తక్కువ ఉన్న చోటును ఖాళీ అనుకోవద్దు. అక్కడ ఉన్నోళ్లు తక్కువే, కానీ వినడానికి వచ్చినోళ్లు.

మూడో లెక్క: రీప్లే

లైవ్ అయిపోయినంక అది వీడియోగా చానల్‌లో మిగిలింది. మొదటి వారంలో రీప్లేకు 3,900 వ్యూస్ వచ్చినయి, లైవ్ కన్నా ఎక్కువ. కానీ సగటున చూసింది 2 నిమిషాల 10 సెకన్లు. ఇక్కడ లైవ్, రీప్లే లెక్కలను వేరుచేసి చూడటం ముఖ్యం. అనలిటిక్స్‌లో లైవ్ వేరుగా, తర్వాత చూసింది వేరుగా చూసుకునే వీలుంది. రెండూ కలిపి చూస్తే రెండూ అర్థం కావు.

రీప్లేలో ఎవరు ఎక్కడిదాకా చూసిన్రో చెప్పే గీతలో మొదటి నిమిషానికే సగానికన్నా ఎక్కువమంది పోయిన్రు. తర్వాత గీత నేలకు ఆనుకుని పాకింది. 2 గంటల 52 నిమిషాల దగ్గర మాత్రం ఒక గుట్టలాగ లేచింది. అర్థం ఏంటంటే వచ్చినోళ్లకు తల్లి వచ్చే ఘట్టం కావాలె. తెరవగానే వాళ్లకు కనబడ్డది ఖాళీ దారి, ఎదురుచూపు. వేలితో జరిపి జరిపి దొరికినోళ్లు అక్కడ ఆగి చూసిన్రు, దొరకనోళ్లు పోయిన్రు. లైవ్‌లో ఎదురుచూపు ఒక అనుభవం. ఎప్పుడొస్తదో తెలియదు కాబట్టి కూర్చుంటరు. రీప్లేలో తల్లి వచ్చిందని అందరికీ తెలుసు, కాబట్టి అదే ఎదురుచూపు అడ్డు అయితది. ఒకటే వీడియో, రెండు వేరే అవసరాలు.

మూడో రోజు వివరణ డబ్బాలో సమయాలు పెట్టినం. ఇట్లా:

```
0:00 చిలకలగుట్ట దారి, జాతర కథ
1:10 పగిడిద్దరాజు, గోవిందరాజు ఎవరు
2:05:00 చాట్ ప్రశ్నలు, జవాబులు
2:52:00 డోలు, కొమ్ము: తల్లి బయలుదేరింది
3:05:00 గద్దెల వైపు
```

ఇది పెట్టేటప్పుడు రెండు నియమాలు గుర్తుంచుకోవాలె. మొదటి గీత 0:00తోనే మొదలవ్వాలె, కనీసం మూడు ఉండాలె. అప్పుడే అవి చాప్టర్లుగా మారుతయి. ఇంకోటి, పైన రెండో గీత చూడండి. "1:10" అని రాస్తే అది ఒక నిమిషం పది సెకన్లు, ఒక గంట పది నిమిషాలు కాదు. గంటలున్న చోట "1:10:00" అని మూడు భాగాలుగా రాయాలె. మనకు నిజంగానే ఆ ముక్క ఒకటో నిమిషంలోనే ఉంది కాబట్టి అట్లా రాసినం. మీ వీడియోకు రాసేటప్పుడు ఒక్కొక్కటి నొక్కి చూసుకోండి.

చాప్టర్లు పెట్టినంక సగటు 1 నిమిషం 40 సెకన్ల నుంచి 4 నిమిషాల పైకి పోయింది. ఇదంతా చాప్టర్ల పుణ్యమే అని మేం అనం. మొదటి రెండు రోజులు వాట్సాప్‌లో లింకు నొక్కి తొంగిచూసి పోయేటోళ్లు ఎక్కువ, తర్వాత వచ్చేటోళ్లు వెతుక్కుని వచ్చినోళ్లు. ముందు, తర్వాత చూసినోళ్లు ఒకే రకం కాదు. కానీ గీత ఆకారం మారింది. నేలకు పాకే బదులు ప్రతి చాప్టర్ మొదట్ల చిన్న మెట్టు వచ్చింది. అది చాప్టర్లు నొక్కితేనే వచ్చేది.

తల్లి వచ్చే ఘట్టాన్ని విడిగా 11 నిమిషాల వీడియో చేసి కూడా పెట్టినం. రెండు వారాల్లో దాన్ని రీప్లే కన్నా ఎక్కువమంది చూసిన్రు. పెద్ద వీడియోనే ముందు వైపు కోసేయొచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగిండు. కోయొచ్చు, లింకు మారదు. కానీ కోస్తే చాట్ రీప్లే పోతది. ఆ 210 ప్రశ్నలు చాట్‌లోనే ఉన్నయి. ఊరి పేర్లతో పెట్టిన హాజరు కూడా. అందుకే పెద్దదాన్ని ముట్టుకోలేదు. అది మన దస్త్రం, చిన్నది పంచుకునేది.

నంబరు అడిగింది, మనం ఇవ్వనిది

ఇప్పుడు అసలు మాట. పీక్ ఎక్కడ వచ్చిందో చూసినం. చాట్‌లో "ఇంకా దగ్గరికి పోండి", "సరిగ కనబడ్తలేదు" అని కూడా చాలామంది పెట్టిన్రు. గ్రాఫ్‌ను మాత్రమే చూసేటోడు చెప్పే సలహా ఒక్కటే: దగ్గరికి పో, ముందే పో, గుట్ట కిందికి పో. దీని మీద మా ఐదుగురిలోనే రెండు రోజులు వాదన జరిగింది. ఒక తమ్ముడు, "టీవీలోళ్లు డ్రోన్లతో చూపిస్తున్నరు, మనం దూరంగ నిలబడితే మనల్ని ఎవరు చూస్తరు" అన్నడు. ఆ మాటలో నిజం ఉంది. డాబా ఇచ్చిన పెద్దాయన్ని అడిగితే, "అమ్మ వచ్చేది మనం చూడనీకి, మనం చూపనీకి కాదు బిడ్డా" అన్నడు. ఆ మాటలో కూడా నిజం ఉంది.

అప్పుడు మళ్లీ గీత దగ్గరికి పోయినం. 3 గంటల 8 నిమిషాల నుంచి 3:20 దాకా తెర మీద దాదాపు చీకటే. దూరంగా దీపాలు, జనం నీడలు. వినబడేది మాత్రం స్పష్టంగా ఉంది. డోలు, కొమ్ము, జనం అరుపులు, మధ్యల మధ్యల మన అన్న కోయలో చెప్పే మాట. ఆ పన్నెండు నిమిషాల్లో చూసేటోళ్లు 140 నుంచి 118కి వచ్చిన్రు. తర్వాత బొమ్మ స్పష్టంగా ఉన్న పన్నెండు నిమిషాల్లో అంతకన్నా ఎక్కువమంది పోయిన్రు. ఘట్టం అయిపోవడం వల్ల కూడా పోయి ఉంటరు, నిజమే. అయినా చీకటి తెర జనాన్ని తరిమేయలేదు అని మాత్రం చెప్పొచ్చు. వాళ్లను ఆపింది శబ్దం.

దాంతో వాదన తేలింది. కెమెరా ఎంత దూరంలో ఉండాలనేది లెక్కలు తేల్చే విషయం కాదు, అది పెద్దలు చెప్పినట్టే ఉంటది. ఆ దూరంలో నిలబడి ఏం బాగుచేయొచ్చు అనేదే లెక్కలను అడగాలె. జవాబు: శబ్దం.

జనవరి 29కి మార్పులు

ఒకటి, మేడారం ఫోన్ నుంచి నేరుగా లైవ్‌కు పంపం. మేడారం వాళ్లు హన్మకొండ లాప్‌టాప్‌కు వీడియో కాల్ చేస్తరు. ఆ కాల్ కిటికీని ఓబీఎస్‌లో పట్టి, లైవ్‌ను హన్మకొండ నుంచి పంపుతం. నెట్ సన్నగైతే వీడియో కాల్ తనంతట తానే బొమ్మ నాణ్యత తగ్గించుకుంటది, చాలాసార్లు మాట మాత్రం నిలుస్తది. కాల్ పూర్తిగా తెగినా లైవ్ తెగదు. తెర మీద ఒక బొమ్మ పెట్టి, హన్మకొండలో కూర్చున్నోళ్లు మాట్లాడుతూ నిలబెడ్తరు. పోయినసారి తెగిన నాలుగు నిమిషాల తర్వాత 70 మంది దాకా తిరిగి రాలేదు కదా, వాళ్లను ఆపేది ఇదే. దీనికి పరిమితి కూడా ఉంది. బొమ్మ కొంచెం మసకగా ఉంటది, హాస్టల్ నెట్, కరెంటు రెండూ నమ్మకంగా ఉండాలె. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ, నెట్ పోతే ఇంకో ఫోన్ హాట్‌స్పాట్ పక్కనే పెట్టుకోవాలె. 2025 ఫిబ్రవరి 12 నుంచి 15 వరకు జరిగిన మినీ జాతరలో ఈ పద్ధతిని ఒక గంట చేసి చూసినం, నడిచింది. కానీ అప్పుడు జనం తక్కువ, కాబట్టి నెట్ పరీక్ష పూర్తి కాలేదనే అనుకోవాలె. మేడారంలో రెండు వేరే కంపెనీల సిమ్‌లతో రెండు ఫోన్లు ఉండాలె.

రెండు, మైకు. ఫోన్ మైకు గాలిని, పక్కనోళ్ల మాటలను పట్టుకుంటది. నురుగు తొడుగు ఉన్న చిన్న మైకు ఒకటి కొంటం. కాల్‌లో రొద తగ్గించే సెట్టింగ్ ఉంటే దాన్ని తీసేయాలె, లేకపోతే అది డోలును కూడా రొదే అనుకుని నొక్కేస్తది. మినీ జాతరలో సరిగ్గా ఇదే కనబడ్డది.

మూడు, ఎదురుచూపు సమయాన్ని ప్రశ్నల సమయం చేస్తం. పాత 210 ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వచ్చినవాటిని ఏరి, పెద్దలను అడిగి జవాబులు ముందే రాసి పెట్టుకుంటం. పగిడిద్దరాజు గంగారం మండలం పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు ఏటూరునాగారం మండలం కొండాయి నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి బుధవారమే గద్దెలకు వస్తరు. జంపన్న వాగుకు మునుపు పేరు సంపెంగ వాగు. ఇట్లాంటి జవాబులు హన్మకొండ నుంచే వెంటనే చెప్పొచ్చు, మేడారం దాకా ప్రశ్న పోవాల్సిన పని లేదు. అక్కడి కళ్లకు మాత్రమే తెలిసే ప్రశ్నలు మేడారానికి పోతయి. ఊళ్లను బట్టి కథలు కొంచెం వేరుగా ఉన్న చోట, "మా ఊళ్లో ఇట్లా చెప్తరు" అనే చెప్దాం. ఒక్కటే నిజమని తీర్మానం చేయొద్దు.

నాలుగు, లైవ్ నడుస్తుండగానే ఒకరు నోట్‌బుక్‌లో సమయాలు రాయాలె. ఏ నిమిషానికి ఏం జరిగింది, ఎప్పుడు తెగింది. లైవ్ ముగిసిన గంటలోపు చాప్టర్లు, తెల్లారేలోపు చిన్న వీడియో. లైవ్ మొత్తం 12 గంటలు దాటకుండా చూడాలె, దాటితే రీప్లే మిగలకపోవచ్చు.

ఈసారి లెక్క చూసేటప్పుడు పీక్‌ను గెలుపు కొలతగా పెట్టుకోం. పీక్ తల్లిది, మనది కాదు. మనం చూసుకునేవి మూడు: తెగిన చోట గీత ఎంత పడింది, ఎదురుచూపులో అడిగిన ప్రశ్నల్లో ఎన్నిటికి జవాబు అందింది, రీప్లే తెరిచినోళ్లల్ల ఎంతమంది తమకు కావాల్సిన చోటికి చేరిన్రు. పోయినసారి ప్రశ్నల్లో అది 120కి 45. ఈసారి వందకు తొంభై అందాలె.

హన్మకొండలో గురువారం సాయంత్రం నుంచి రాత్రి దాకా కూర్చోగలిగేటోళ్లు నలుగురు కావాలె, అందులో కోయ బాగా మాట్లాడే ఇద్దరు. ప్రశ్నల పట్టిక కింద పెడ్తున్నం. మీ ఊళ్లో తాతనో, నాయనమ్మనో అడిగి, వాళ్లు చెప్పినట్టే, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. ఎవరు చెప్పిన్రో వాళ్లు ఒప్పుకుంటేనే ఊరి పేరు రాయండి.